కుడివైపు పై మూల నుంచి మొదలుపెట్టి మాత్రికలో వెతకడం ఎలా

అడ్డు వరుసల్లో ఎడమ నుంచి కుడికి, నిలువు వరుసల్లో పై నుంచి కిందికి సంఖ్యలు పెరుగుతూ పోయే ఒక మాత్రిక మీ దగ్గర ఉందనుకోండి. అందులో ఫలానా సంఖ్య ఉందో లేదో, ఉంటే ఏ గడిలో ఉందో చెప్పాలి. గడులన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయినా జవాబు వస్తుంది గానీ, సంఖ్యలు క్రమంలో ఉన్నందువల్ల కలిగే లాభమేదీ దక్కదు. ఇక్కడ వివరించబోయే పద్ధతి కుడివైపు పై మూలలో మొదలై, చూసిన ఒక్కో గడితో ఒక పూర్తి అడ్డు వరుసనో ఒక పూర్తి నిలువు వరుసనో తీసేస్తూ పోతుంది. కోడ్ చాలా చిన్నది కాబట్టి చాలామంది దాన్ని కంఠస్థం చేసి ఊరుకుంటారు. అలా నేర్చుకున్న కోడ్‌లో ఒక్క గుర్తు తారుమారైనా పొరపాటు ఎక్కడ జరిగిందో పట్టుకోవడం కష్టం. అందుకని ముందు కాగితం మీద ప్రతి అడుగుకూ కారణం చూసుకుని, ఆ తర్వాతే కోడ్ దగ్గరికి వెళదాం.

వ్యాసమంతటా ఈ కింది మాత్రికనే వాడుకుందాం. ఇందులో 5 అడ్డు వరుసలు, 6 నిలువు వరుసలు ఉన్నాయి. కోడ్‌లో ఉన్నట్టే వరుసలను 0 నుంచి లెక్కపెడదాం.

```
 3   8  14  21  30  37
 5  11  17  26  33  42
 9  15  22  29  38  47
13  19  27  34  44  52
18  25  31  40  49  58
```

ముందుగా మాత్రిక ఏ రకమో తేల్చుకోండి

క్రమంలో ఉన్న మాత్రిక అనే మాటకు రెండు అర్థాలు వాడుకలో ఉన్నాయి. వాటిని కలగాపులగం చేసుకోవడం వల్లే ఈ విషయంలో ఎక్కువ పొరపాట్లు జరుగుతాయని నా అభిప్రాయం. మొదటి రకంలో ఒక అడ్డు వరుస చివరి సంఖ్య కన్నా దాని కింది వరుస మొదటి సంఖ్య పెద్దది. అంటే వరుసలన్నీ ఒకదాని పక్కన ఒకటి పేరిస్తే మొదటి నుంచి చివరి వరకూ పెరిగే ఒకే పొడవైన జాబితా అవుతుంది. అటువంటి మాత్రికకు ఈ పద్ధతి అక్కరలేదు. జాబితా మొత్తానికీ, ప్రతిసారీ మధ్య సంఖ్యను చూసి సగాన్ని వదిలేసే బైనరీ సెర్చ్ ఒక్కటి చేస్తే సరిపోతుంది, అది ఎంతో వేగంగా కూడా పూర్తవుతుంది.

రెండో రకం మన మాత్రిక. ఇక్కడ ప్రతి అడ్డు వరుసా విడిగా క్రమంలో ఉంది, ప్రతి నిలువు వరుసా విడిగా క్రమంలో ఉంది, అంతకు మించి ఏ హామీ లేదు. పై వరుస 37తో ముగుస్తుంటే దాని కింది వరుస 5తో మొదలవుతోంది. ఈ రకానికి జాబితా మీద చేసే బైనరీ సెర్చ్ వాడితే ఏం జరుగుతుందో ఒకసారి చేసి చూడండి. 30 గడులకు 0 నుంచి 29 వరకూ సంఖ్యలు వేసి 8 కోసం వెతుకుదాం. మధ్యలోని 14వ స్థానంలో 22 ఉంది. అది 8 కన్నా పెద్దది కాబట్టి 0 నుంచి 13 వరకూ మిగులుతాయి. ఇప్పుడు మధ్యది 6వ స్థానం, అందులో 5 ఉంది. అది 8 కన్నా చిన్నది కాబట్టి 0 నుంచి 6 వరకూ ఉన్న స్థానాలన్నిటినీ వదిలేస్తాం. మనకు కావలసిన 8 ఒకటో స్థానంలో ఉంది, ఆ వదిలేసిన భాగంలోనే పోయింది. ఎక్కడా ప్రోగ్రాం ఆగిపోదు, హెచ్చరికా రాదు, లేదని తప్పు జవాబు మాత్రం వస్తుంది.

దీనికి దగ్గరి బంధువైన పొరపాటు మరొకటి ఉంది. మొదటి నిలువు వరుసను చూసి, వెతికే సంఖ్య ఏ అడ్డు వరుసలో ఉండాలో ముందే నిర్ణయించి, ఆ ఒక్క వరుసలోనే వెతకడం. 8 కోసం అలా చేస్తే 3, 5, 9లలో 8కి మించని చివరి సంఖ్య 5 కాబట్టి 1వ వరుసకు వెళతాము. ఆ వరుసలో 5, 11, 17 ఉన్నాయి గానీ 8 లేదు. రెండో రకం మాత్రికలో ఒక సంఖ్య ఉండదగిన వరుస ఒకటే కాదు, అలాంటివి చాలా ఉండవచ్చు.

మూలను ఎంచుకోండి

నాలుగు మూలల్లోనూ నిలబడి చూద్దాం. ఎడమవైపు పై మూలలో 3 ఉంది. 27 కోసం వెతుకుతున్నామనుకుంటే, 3 చిన్నది కాబట్టి పెద్ద సంఖ్యల వైపు జరగాలి. కానీ కుడివైపుకు వెళ్లినా పెరుగుతుంది, కిందికి వెళ్లినా పెరుగుతుంది. ఏ దారి పట్టాలో చెప్పే ఆధారం ఆ గడిలో లేదు, ఆ ఒక్క గడి తప్ప తీసేయడానికి మరొకటి దొరకదు. కుడివైపు కింది మూలలోని 58 దగ్గర కూడా ఇదే చిక్కు తలకిందులుగా ఎదురవుతుంది. అక్కడ పైకి వెళ్లినా తగ్గుతుంది, ఎడమకు వెళ్లినా తగ్గుతుంది.

కుడివైపు పై మూల అలా కాదు. అక్కడున్న 37 తన అడ్డు వరుసలో అన్నిటికన్నా పెద్దది, తన నిలువు వరుసలో అన్నిటికన్నా చిన్నది. ఈ పద్ధతికి ప్రాణం ఈ ఒక్క విషయమే. 37 మనం వెతికే సంఖ్య కన్నా పెద్దదైతే, దాని నిలువు వరుసలో కింద ఉన్నవన్నీ 37 కన్నా ఇంకా పెద్దవి కాబట్టి ఆ నిలువు వరుస మొత్తాన్నీ నిశ్చింతగా తీసేయవచ్చు. 37 చిన్నదైతే, దాని ఎడమవైపు ఉన్నవన్నీ ఇంకా చిన్నవి కాబట్టి ఆ అడ్డు వరుస మొత్తాన్నీ తీసేయవచ్చు. ఏది తీసేసినా మిగిలేది మళ్లీ అదే లక్షణం గల ఒక చిన్న మాత్రిక. దాని కుడివైపు పై మూలలో మళ్లీ అదే ప్రశ్న వేసుకుంటాము.

ఎడమవైపు కింది మూలకూ ఇదే గుణం ఉంది, అక్కడ పెద్ద, చిన్న అనే మాటలు తారుమారవుతాయి, అంతే. పటంలోని దిక్కులతో గుర్తుపెట్టుకోవాలంటే ఈశాన్యం, నైరుతి పనికొస్తాయి, వాయవ్యం, ఆగ్నేయం పనికిరావు. రెండిట్లో దేన్ని ఎంచుకున్నా ఒకటే, కానీ ఒకదానికి అలవాటు పడి దాన్నే వాడటం మంచిది. సగం నియమాలు ఒక మూలవీ, మిగతా సగం రెండో మూలవీ కలిపి రాసిన కోడ్ నేను ఎన్నోసార్లు చూశాను. అది కొన్ని సంఖ్యలకు సరైన జవాబే ఇస్తుంది కాబట్టి తొందరగా బయటపడదు.

27 కోసం ఒక నడక

కాగితం మీద మాత్రిక రాసుకుని పెన్సిల్ తీసుకోండి. తీసేసిన ప్రతి వరుస మీదా గీత కొట్టండి. మొదటి గడిలో 37 ఉంది, అది 27 కన్నా పెద్దది. కాబట్టి చివరి నిలువు వరుస మీద, అంటే 37, 42, 47, 52, 58 మీద గీత కొట్టి ఎడమకు ఒక గడి జరగండి. అక్కడ 30 ఉంది, అదీ పెద్దదే. ఆ నిలువు వరుసనూ కొట్టేసి మళ్లీ ఎడమకు జరగండి. ఇప్పుడు 21 దగ్గర ఉన్నారు. 21 చిన్నది కాబట్టి ఈసారి అడ్డు వరుస పోతుంది. 3, 8, 14, 21 మీద గీత కొట్టి కిందికి దిగండి. కింద 26 ఉంది, అదీ చిన్నదే. 5, 11, 17, 26 కొట్టేసి మరో మెట్టు దిగండి.

ఇప్పుడు 29 దగ్గరికి వచ్చారు. ఇక్కడ ఒక క్షణం ఆగండి. 29 పెద్దది కాబట్టి నిలువు వరుసను తీసేయాలి. దాని కింద ఉన్న 34, 40 పోతాయి, పైన ఉన్న 21, 26 ముందే పోయాయి. 29 తన పూర్తి అడ్డు వరుసలో పెద్దదేమీ కాదు, దానికి కుడివైపు 38, 47 ఉన్నాయి కదా అని సందేహం రావచ్చు. కానీ ఆ రెండూ ముందే తీసేసిన నిలువు వరుసల్లోనివి. మిగిలిన మాత్రిక వరకే చూస్తే 29 మళ్లీ కుడివైపు పై మూలే. ఈ నడకలో మీరు ఏ గడిలో నిలబడినా, మీకు పైనున్న వరుసలన్నీ, కుడివైపు ఉన్న నిలువు వరుసలన్నీ పోయి ఉంటాయి. వెతికే సంఖ్య మాత్రికలో ఉన్నట్లయితే అది మీ కింద, ఎడమ వైపున మిగిలిన భాగంలోనే ఉండాలి. ఈ వాక్యం మొదటి అడుగుకు ముందూ నిజమే, ప్రతి అడుగు తర్వాతా నిజమే. కోడ్ రాసేటప్పుడు సందేహం వచ్చిన ప్రతిసారీ ఈ వాక్యంతో సరిచూసుకోండి.

29 నుంచి ఎడమకు జరిగితే 22. అది చిన్నది కాబట్టి 9, 15, 22 పోయాయి. కిందికి దిగితే 27 దొరికింది. అది 3వ అడ్డు వరుస, 2వ నిలువు వరుసలో ఉంది. మొత్తం 7 గడులు చూశాము. మిగిలిన 23 గడుల వైపు కన్నెత్తి చూడలేదు.

సంఖ్య లేకపోతే ఎక్కడ ఆగాలి

ఇప్పుడు అదే కాగితం మీద 28 కోసం వెతకండి. 37, 30, 21, 26, 29, 22 వరకూ దారి ఒకటే. 27 దగ్గరికి వచ్చాక అది 28 కన్నా చిన్నది కాబట్టి ఆ అడ్డు వరుసను తీసేసి 31 మీదికి దిగుతారు. 31 పెద్దది కాబట్టి ఎడమకు జరిగి 25 దగ్గరికి వస్తారు. 25 చిన్నది కాబట్టి ఆఖరి అడ్డు వరుస కూడా పోయింది, ఇంక కిందికి దిగడానికి చోటు లేదు. మాత్రిక మొత్తం గీతల కింద ఉంది కాబట్టి 28 లేదని ఖాయంగా చెప్పవచ్చు. చూసిన గడులు 9.

వెతుకులాట ఎక్కువలో ఎక్కువ ఎంత సాగుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ప్రతి గడీ ఒక అడ్డు వరుసనో ఒక నిలువు వరుసనో తీసేస్తుంది. అడ్డు వరుసలు m, నిలువు వరుసలు n అనుకుంటే, ఆ రెండిట్లో ఏదో ఒకటి పూర్తిగా అయిపోగానే పని ముగుస్తుంది. కాబట్టి చూడవలసిన గడులు m + n - 1కి మించవు. మన మాత్రికకు ఆ హద్దు 10. 1000 అడ్డు వరుసలు, 1000 నిలువు వరుసలు ఉన్న మాత్రికలో గడులు 10 లక్షలు, ఈ నడకలో చూసేవి మాత్రం 1999కి మించవు.

కోడ్‌గా రాయండి

కాగితం మీద గీసిన గీతలను కోడ్‌లో ఎక్కడా దాచుకోనక్కరలేదు. మీరు నిలబడిన అడ్డు వరుస r, నిలువు వరుస c తెలిస్తే చాలు. r కన్నా పైవన్నీ, c కన్నా కుడివైపువన్నీ పోయినట్టే లెక్క. పైథాన్‌లో ఇలా రాయవచ్చు.

```python
def find(a, x):
    if not a or not a[0]:
        return None
    r, c = 0, len(a[0]) - 1
    while r < len(a) and c >= 0:
        v = a[r][c]
        if v == x:
            return r, c
        if v > x:
            c -= 1
        else:
            r += 1
    return None
```

మొదటి రెండు పంక్తులు ఖాళీ మాత్రిక కోసం పెట్టినవి. లూప్ షరతులో రెండు హద్దులూ తప్పనిసరిగా ఉండాలి, ఎందుకంటే నడక కింది అంచు దాటి బయటికి పోవచ్చు, ఎడమ అంచు దాటి కూడా పోవచ్చు. 28 వెతికినప్పుడు కింది అంచు దాటాము. 4 వెతికి చూడండి. 0వ వరుసలో 37 నుంచి 3 వరకూ వచ్చి, ఒక మెట్టు దిగి 5 చూసి, ఎడమ అంచు దాటుతారు.

తప్పులు ఎక్కడ జరుగుతాయి, ఎలా పసిగట్టాలి

c >= 0 అనే భాగం మరచిపోతే పైథాన్‌లో వెంటనే దొరకదు. ఆ భాషలో -1 అంటే చివరి గడి కాబట్టి, 4 కోసం వెతికే నడక 5 తర్వాత అదే వరుస చివరి 42 మీదికి వెళ్లి, ఆ వరుసంతా మళ్లీ ఎడమకు నడిచి, c విలువ -7 అయ్యాక గానీ IndexError రాదు. ఆ సందేశం చూసినవారు మాత్రిక కొలతలను అనుమానిస్తారు గానీ లూప్ షరతును అనుమానించరు. సి, సి ప్లస్ ప్లస్ భాషల్లో ఇంతకన్నా ప్రమాదకరమైనది మరొకటి ఉంది. c ని size_t రకంగా ప్రకటిస్తే అది సున్నా కన్నా తగ్గలేదు. 0 నుంచి 1 తీసేస్తే చాలా పెద్ద సంఖ్య అవుతుంది, c >= 0 అనే షరతు ఎప్పుడూ నిజమే అవుతుంది, ప్రోగ్రాం తనది కాని మెమరీని చదవబోతుంది. అక్కడ c ని గుర్తు గల పూర్ణాంకంగా ప్రకటించండి.

రెండో తప్పు అడ్డు వరుసల సంఖ్యను, నిలువు వరుసల సంఖ్యను తారుమారు చేయడం. len(a[0]) - 1 రాయవలసిన చోట len(a) - 1 రాస్తే, చతురస్ర మాత్రికల్లో ఏ తేడా కనిపించదు. మన మాత్రికలో మాత్రం నడక చివరి నిలువు వరుసను వదిలేసి 30 దగ్గర మొదలవుతుంది. 42 కోసం వెతికితే 30, 33, 38, 44, 34, 40 చూసి, లేదని చెబుతుంది. అందుకే పరీక్షించేటప్పుడు చతురస్రం కాని మాత్రికలే తీసుకోండి. వెడల్పైనది ఒకటి, పొడవైనది ఒకటి తీసుకుని, వాటిలోని ప్రతి సంఖ్యనూ ఒక్కొక్కటిగా వెతికించి, చెప్పిన గడిలో నిజంగా ఆ సంఖ్యే ఉందో లేదో చూడండి. మన మాత్రికకు ఇవి 30 పిలుపులే. వీటికి తోడు అన్నిటికన్నా చిన్నదాని కన్నా చిన్నది ఒకటి, అన్నిటికన్నా పెద్దదాని కన్నా పెద్దది ఒకటి, మధ్యలో లేనివి కొన్ని వెతికిస్తే, పైన చెప్పిన హద్దుల తప్పులు బయటపడతాయి.

మూడోది కోడ్‌లో కాక దత్తాంశంలో ఉండే తప్పు. సంఖ్య మాత్రికలో కంటికి కనిపిస్తూనే ఉంటుంది, ప్రోగ్రాం మాత్రం లేదంటుంది. ఉదాహరణకు 2వ వరుసలోని 15ను ఎవరో 51గా ఎక్కించారనుకోండి. ఇప్పుడు 19 కోసం వెతికితే నడక 37, 30, 21, 14, 17, 22 మీదుగా 51 దగ్గరికి వస్తుంది. 51 పెద్దది కాబట్టి ఆ నిలువు వరుస మొత్తాన్నీ తీసేస్తుంది, సరిగ్గా దాని కిందే ఉన్న 19 కూడా దానితో పోతుంది. ఆ తర్వాత 9, 13, 18 చూసి, లేదని ముగిస్తుంది. ఇటువంటప్పుడు ప్రతి అడుగులోనూ r, c, v అచ్చువేయించి, కావలసిన సంఖ్య ఉన్న వరుసను ఏ గడి తీసేసిందో చూడండి. క్రమం చెడింది ఆ గడికీ, మీ సంఖ్యకూ మధ్యలోనే. ఇక్కడ 51కీ 19కీ మధ్య నిలువు వరుస పెరగవలసింది పోయి తగ్గుతోంది. అలాగే సంఖ్యలను ఫైల్ నుంచి అక్షరాలుగా చదివి, సంఖ్యలుగా మార్చకుండా పోల్చినా ఇదే జరుగుతుంది. అక్షరాల క్రమంలో "13" కన్నా "9" పెద్దది కాబట్టి మన మొదటి నిలువు వరుస క్రమంలో లేనట్టే.

వెతికే ప్రతిసారీ మాత్రిక క్రమంలో ఉందో లేదో పరీక్షించడం మాత్రం నేను చేయను, మీరూ చేయకండి. ఆ పరీక్షకు గడులన్నీ చూడాలి, అలా చూసేటప్పుడే సంఖ్య దొరికిపోతుంది. మాత్రికను తయారుచేసిన చోట ఒకసారి పరీక్షిస్తే చాలు.

ఒకే సంఖ్య పలుచోట్ల ఉంటే

సమానమైన సంఖ్యలు పక్కపక్కనే ఉన్నా, అంటే పెరగకపోయినా తగ్గకుండా ఉన్నా, పై కోడ్ ఏ మార్పూ లేకుండా పనిచేస్తుంది. అది చూపించే గడి కూడా ఏదో ఒకటి కాదు. దానికి పై వరుసల్లో, కుడివైపు నిలువు వరుసల్లో ఆ సంఖ్య లేదని తేలాకే నడక అక్కడికి వచ్చింది కాబట్టి, ఆ సంఖ్య ఉన్న గడులన్నిటిలో అన్నిటికన్నా పైదీ, అన్నిటికన్నా కుడివైపుదీ అదే.

ఎన్నిసార్లు ఉందో లెక్కించాలంటే, దొరికిన చోటి నుంచి చుట్టుపక్కల వెతకడం మొదలుపెట్టకండి. సమాన సంఖ్యలు ఒక చోట అతుక్కుని ఉండనక్కరలేదు, మాత్రికలో ఏటవాలుగా చెదిరి ఉండవచ్చు. దానికి బదులు, x కి మించని సంఖ్యలు ఎన్ని ఉన్నాయో ఇదే నడకతో లెక్కపెట్టండి. గడిలోని సంఖ్య x కి మించకపోతే, ఆ వరుసలో దానితో సహా ఎడమవైపు ఉన్నవన్నీ మించనివే కాబట్టి లెక్కకు c + 1 కలిపి కిందికి దిగండి. మించితే ఎడమకు జరగండి.

```python
def count_le(a, x):
    if not a or not a[0]:
        return 0
    r, c, k = 0, len(a[0]) - 1, 0
    while r < len(a) and c >= 0:
        if a[r][c] <= x:
            k += c + 1
            r += 1
        else:
            c -= 1
    return k
```

మన మాత్రికలో x = 27 అయితే వరుసగా 4, 4, 3, 3, 2 కలిసి 16 వస్తుంది. షరతులోని <= ను < గా మార్చి మరొకసారి నడిస్తే 15 వస్తుంది. తేడా 1, అంటే 27 ఒక్కసారే ఉంది. రెండు నడకలు కలిపినా చూసే గడులు 2(m + n - 1)కి మించవు.

ఎప్పుడు ఇంతకన్నా మంచిది లేదు, ఎప్పుడు ఉంది

ప్రతి వరుసలో విడిగా బైనరీ సెర్చ్ చేస్తే ఇంకా తొందరగా అవుతుందేమోనని చాలామందికి తోస్తుంది. 1000 అడ్డు వరుసలు, 1000 నిలువు వరుసలు ఉన్న మాత్రికలో ఒక్కో వరుసకు దాదాపు 10 పోలికల చొప్పున 10,000 అవుతాయి. మన నడక 1999 గడులతో ఆగుతుంది. చతురస్ర మాత్రికలో చూడవలసిన గడులను అంతకన్నా తగ్గించే ఉపాయం ఎవరికీ సాధ్యం కాదు. దీనికి రుజువు చిన్నదే. n వరుసల చతురస్రంలో కుడివైపు పై మూల నుంచి ఎడమవైపు కింది మూల వరకూ ఉన్న కర్ణం మీది n గడుల్లో x కన్నా కొంచెం చిన్న సంఖ్యలు పెట్టండి. దాని కిందనే ఆనుకుని ఉన్న n - 1 గడుల్లో x కన్నా కొంచెం పెద్దవి పెట్టండి. కర్ణానికి పైనున్నవన్నీ చాలా చిన్నవిగా, మిగిలినవన్నీ చాలా పెద్దవిగా ఉండనివ్వండి. ఈ 2n - 1 గడుల్లో ఏ ఒక్కదానిలోనైనా పాత సంఖ్య తీసి x పెట్టినా మాత్రిక క్రమం చెడదు. కాబట్టి వాటిలో ఒక్క గడిని చూడకుండా వదిలేసిన వారెవరూ x లేదని ఖాయంగా చెప్పలేరు. మన నడక హద్దు చతురస్రానికి సరిగ్గా 2n - 1.

మాత్రిక ఒకవైపు బాగా సాగి ఉన్నప్పుడు మాత్రం ఈ వాదన నిలవదు. 10 అడ్డు వరుసలు, 10 లక్షల నిలువు వరుసలు ఉన్న మాత్రికలో మన నడక ఎడమకు ఒక్కో గడి జరుగుతూ 10,00,009 గడుల వరకూ చూడవలసి రావచ్చు. అదే ప్రతి అడ్డు వరుసలోనూ బైనరీ సెర్చ్ చేస్తే వరుసకు 20 చొప్పున 200 పోలికలతో పని అయిపోతుంది. అటువంటి మాత్రిక ఎదురైతే పొడవైన వైపు బైనరీ సెర్చ్ వాడండి. నిలువు వరుసలు తక్కువై అడ్డు వరుసలు లక్షల్లో ఉంటే, ఒక్కో నిలువు వరుసలో పై నుంచి కిందికి అలా వెతకండి. ఏది వాడాలో ఊహించనక్కరలేదు. చిన్న కొలతను, పెద్ద కొలతకు 2 ఆధారంగా తీసిన లాగరిథంతో గుణించి చూడండి. వచ్చినది m + n కన్నా తక్కువైతే బైనరీ సెర్చ్, ఎక్కువైతే మూల నుంచి నడక. మన 5, 6 కొలతలకు ఆ గుణకారం దాదాపు 13, m + n విలువ 11, కాబట్టి ఇక్కడ నడకే సరైనది.